కవరు మీద పచ్చాకు

సామర్లకోటలో మా వదిన జొన్న జంతికలు, కొర్ర చెగోడీలు చేసి అమ్ముతుంది. మొదట్లో ఇంటి చుట్టుపక్కల వాళ్ళకే ఇచ్చేది. ఇప్పుడు కాకినాడలో ఆరేడు దుకాణాలకు వేస్తోంది. పోయిన సంక్రాంతికి కొత్త కవరు వేయిద్దామనుకుని, ప్రింటరు పంపిన నమూనా నాకు ఫోన్లో చూపించింది. ఖాకీ రంగు కాగితం సంచి, లోపలి జంతికలు కనబడేలా ముందు ఒక చిన్న కిటికీ, పైన జిప్పు, బల్ల మీద నిలబడేలా అడుగున మడత. చూడముచ్చటగానే ఉంది. మూలన ఒక పచ్చాకు బొమ్మ, దాని కింద ‘100% ఎకో ఫ్రెండ్లీ, బయోడిగ్రేడబుల్ ప్యాక్’ అని అక్షరాలు, వెనకవైపు మూడు బాణాల త్రిభుజం. వీటిలో ఏదీ ఆవిడ అడిగి వేయించింది కాదు. ప్రింటరు కంప్యూటర్లో అప్పటికే సిద్ధంగా ఉన్న డిజైను అది.

“ఇవన్నీ నిజమేనా?” అన్నాను.

“కాగితమే కదా! అందరూ వేస్తున్నారు” అంది.

ఈ ‘అందరూ వేస్తున్నారు’ అన్న మాట 2024 అక్టోబరు 15 దాకా కొంతవరకు చెల్లింది. ఆ రోజున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పర్యావరణం పేరుతో చేసే తప్పుదోవ ప్రకటనల మీద మార్గదర్శకాలు తెచ్చింది. ఎకో ఫ్రెండ్లీ, గ్రీన్, నేచురల్, సస్టెయినబుల్, భూమికి మంచిది లాంటి మాటల్ని ఊరికే వాడకూడదని, వాడితే పక్కనే వివరణ ఉండాలని, చేతిలో రుజువు ఉండాలని అవి చెబుతాయి. ఏ మాట అయినా దేని గురించో తెలియాలి: లోపలి సరుకు గురించా, కవరు గురించా, కవరులో ఒక భాగం గురించా, తయారీ గురించా, పారేయడం గురించా అన్నది కొనేవాళ్ళకు అర్థం కావాలి.

“అవి టీవీలో యాడ్లు ఇచ్చే పెద్ద కంపెనీలకు కదా” అని వదిన సందేహం. కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ‘ప్రకటన’ అంటే ఏమిటో చెప్పేచోట లేబులును, పైకవరును, చివరికి బిల్లు కాగితాన్ని కూడా కలిపి రాసింది. అంటే జంతికల కవరు కూడా చట్టం కంటికి ఒక ప్రకటనే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి పది లక్షల రూపాయల దాకా, మళ్ళీ చేస్తే యాభై లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది. ఇంట్లో మూకుడు పెట్టుకుని వ్యాపారం చేసే మనిషి మీద అంత వేస్తారని నేను అనను. కానీ ఎవరైనా ఫిర్యాదు చేసి, ‘దీనికి ఆధారం చూపించండి’ అని ఒక ఉత్తరం వచ్చిందంటే ‘ప్రింటరే వేశాడండీ’ అన్నది జవాబు కాదు. కవరు మీద పేరు వదినది.

అందుకని ముందు ఆ కవరు ఏమిటో తెలుసుకుందామని కూర్చున్నాం. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ప్రింటరు ఇచ్చిన ఖాళీ నమూనాను బంగారం కొట్టు తక్కెడలో తూయించాం. 21 గ్రాములు ఉంది. ఇంటికొచ్చి ముక్కలుగా కోసి, గోరువెచ్చటి నీళ్ళ బేసిన్లో రాత్రంతా నానబెట్టాం. పొద్దున్నకి పైనున్న ఖాకీ కాగితం మెత్తబడి, వేలితో రుద్దితే గుజ్జులా ఊడొచ్చింది. దాని కింద వెండిలా మెరిసే పలచటి పొర ఒకటి, దానికి అంటుకుని తెల్లటి మందమైన పొర ఇంకొకటి బయటపడ్డాయి. కిటికీ ముక్క, జిప్పు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. మిగిలినవన్నీ తుడిచి ఆరబెట్టి తూయిస్తే 11 గ్రాములు తేలింది.

వదిన కాసేపు ఏమీ మాట్లాడలేదు. కాగితం సంచి అనుకున్నదాంట్లో సగానికి పైగా ప్లాస్టిక్.

అందులో మోసమేమీ లేదు. జంతికలు మెత్తబడకుండా ఉండాలంటే తేమ లోపలికి రాకూడదు, నూనె కనరు వాసన పట్టకుండా ఉండాలంటే గాలి ఆడకూడదు. కాగితం ఈ రెండింటినీ ఆపలేదు. వెండి రంగు పొర అంటే అల్యూమినియం పూత పూసిన పాలిస్టరు, అది గాలిని అడ్డుకుంటుంది. లోపలి పాలిథిన్ పొర తేమను ఆపుతుంది, వేడి తగిలితే కరిగి మూతిని అతికిస్తుంది. కాగితం చేసే పని ఒక్కటే, అందంగా కనబడటం. ఇలా వేర్వేరు పదార్థాలు అతికించిన దాన్ని మన ప్లాస్టిక్ వ్యర్థాల నియమాలు బహుళ పొరల ప్యాకింగ్ అంటాయి. ప్లాస్టిక్ కవరుగా అది తన పని చక్కగా చేస్తుంది. తప్పల్లా దాన్ని కాగితంగా చెప్పుకోవడంలో ఉంది.

ఇక నమూనా మీది మాటల్ని ఒక్కొక్కటిగా ఆ బేసిన్ పక్కన పెట్టి చూశాం.

ముందు త్రిభుజం. అది చూసినవాళ్ళు ‘ఇది మళ్ళీ కరిగించి వాడతారు’ అనుకుంటారు. పొరలన్నీ విడదీయగలిగితే ఆ మాట కాగితం మీద నిజమే. కానీ వాళ్ళ వీధిలో ఎవరు విడదీస్తారు? పాత సామాన్లు కొనే దుకాణానికి వెళ్ళి ఆ కవరు చూపించాం. అతను నీళ్ళ సీసాలు తీసుకుంటాడు, నూనె డబ్బాలు తీసుకుంటాడు, అట్టపెట్టెలు తీసుకుంటాడు. ఇది చూసి, “ఇది చెత్తబండిలో వేసేయండమ్మా” అన్నాడు. రీసైకిల్ అవుతుందా అన్న ప్రశ్నకు అంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. పదార్థం కరుగుతుందా అన్నది ఒక ప్రశ్న, దాన్ని సేకరించి కొనేవాడు ఉన్నాడా అన్నది ఇంకో ప్రశ్న. కవరు మీది మాట కొనేవాళ్ళకు చేరేది రెండో అర్థంలోనే.

ఈ రెంటి మధ్య తేడా మీద కెనడాలో కాఫీ యంత్రాల కంపెనీ క్యూరిగ్ దెబ్బతింది. ఒక్కో కప్పుకు ఒక్కో చిన్న ప్లాస్టిక్ గిన్నె వాడే యంత్రాలు వాళ్ళవి. మూత పీకి, కాఫీ పిప్పి దులిపేస్తే గిన్నె రీసైకిల్ అవుతుందని రాసుకున్నారు. ఆ దేశపు పోటీ నియంత్రణ సంస్థ విచారిస్తే బ్రిటిష్ కొలంబియా, క్వెబెక్ తప్ప మిగతాచోట్ల మునిసిపల్ రీసైక్లింగ్‌లో వాటిని పెద్దగా తీసుకోవడమే లేదని తేలింది. కొన్నిచోట్ల మూత పీకి దులపడం ఒక్కటే సరిపోదని కూడా బయటపడింది. 2022 జనవరిలో కంపెనీ ముప్ఫై లక్షల కెనడా డాలర్ల జరిమానాకు, కవర్ల మీది మాటలు మార్చడానికి ఒప్పుకుంది. ఆ గిన్నె ప్లాస్టిక్ రీసైకిల్‌కు పనికొచ్చేదే. ఊరికి ఊరికి మారే వ్యవస్థను లెక్కలోకి తీసుకోకుండా అందరికీ ఒకే మాట చెప్పడం దగ్గరే వాళ్ళు చిక్కుకున్నారు.

తరువాత ‘బయోడిగ్రేడబుల్’. ఈ మాటకు తెలుగులో ‘మట్టిలో కలిసిపోతుంది’ అని అర్థం చెప్పుకుంటాం. అక్కడే అసలు తిరకాసు ఉంది. ఎన్నాళ్ళకు? ఏ మట్టిలో? మన నియమాలు కూడా ఈ రెండే అడుగుతాయి. బయోడిగ్రేడబుల్ ప్లాస్టిక్ అని చెప్పాలంటే ఎన్ని రోజుల్లో, ఏ పరిసరంలో విచ్ఛిన్నమవుతుందో సరుకు మీదే రాయాలి. నేలలోనా, చెత్తగుట్టలోనా, నీళ్ళలోనా అన్నది చెప్పాలి. వెనక మైక్రోప్లాస్టిక్ మిగలకూడదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ధ్రువపత్రం ఉండాలి. వదిన కవరులో పైకాగితం మాత్రం మట్టిలో కలుస్తుంది, లోపలి 11 గ్రాములు మన మనవల కాలానికీ ఉంటాయి. కాబట్టి ఆ మాట కొట్టేశాం.

ఇది చెబితే ప్రింటరు వెంటనే ఇంకో దారి చూపించాడు. “అయితే కంపోస్టబుల్ కవరు తెప్పిస్తానండీ, సర్టిఫికెట్ కూడా ఉంది” అని ఒక కాగితం వాట్సాప్‌లో పంపాడు. మామూలుగా చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కాగితం చూశాం, ముద్ర ఉంది, సంతకం ఉంది, ఇంకేం కావాలి అనుకుంటారు. ఆ కాగితాన్ని మేం నెమ్మదిగా చదివాం. ధ్రువపత్రం ఎవరి పేరు మీద ఉంది? కవరు చేసే కంపెనీ పేరు మీద కాదు, దానికి ముడిసరుకు గుళికలు అమ్మే ఇంకో కంపెనీ పేరు మీద. ఏ వస్తువుకు? చేతిసంచులకు, నిలబడే పౌచ్‌కు కాదు. ఎంత మందానికి? వదినకు కావలసిన దానికన్నా పలచటి ఫిల్ముకు. గుళిక మంచిదే అయినా దాని మీద వేసే రంగు, పొరలు అతికించే జిగురు, జిప్పు ఈ పరీక్షలో లేనేలేవు. ఇడ్లీ బియ్యానికి వచ్చిన మెప్పును పిండివంట మీద అతికించినట్టుంది అది.

కంపోస్టబుల్ అన్న మాటకు వెనకున్న ప్రమాణం ఐఎస్ఓ 17088. దాని ప్రకారం పరీక్షను సుమారు 58 డిగ్రీల వేడిలో, తేమ, గాలి అదుపులో పెట్టి చేస్తారు. 12 వారాల తర్వాత జల్లెడ పడితే, 2 మిల్లీమీటర్ల కన్నా పెద్ద ముక్కలు పదోవంతు కన్నా మిగలకూడదు. ఆరు నెలల్లో అందులోని కార్బన్‌లో 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలి. ఆ ఎరువులో మొక్క మామూలుగా మొలవాలి, భార లోహాలు పరిమితి దాటకూడదు. మంచి ప్రమాణమే. కాకపోతే ఆ 58 డిగ్రీలు పెద్ద కంపోస్టు కేంద్రపు గుట్టలో వారాల తరబడి నిలుస్తాయి. పెరట్లో కొబ్బరి పీచు వేసి పెట్టిన కుండీలో నిలవవు. మొక్కజొన్న పిండి నుంచి చేసే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ ఆ వేడి దగ్గర గానీ మెత్తబడి విడిపోవడం మొదలుపెట్టదు. చల్లటి మట్టిలో వేస్తే అది మామూలు ప్లాస్టిక్‌లాగే ఏళ్ళ తరబడి పడి ఉంటుంది. పైగా చూడటానికి నీళ్ళ సీసా ప్లాస్టిక్‌లా ఉంటుంది కాబట్టి, పొరపాటున ఆ గుట్టలో కలిస్తే దాన్నీ పాడుచేస్తుంది.

అందుకే మన నియమాలు ఇలాంటి సరుకు మీద పారిశ్రామిక కంపోస్టింగ్‌లో మాత్రమే అని రాయమంటాయి. ఆ ‘మాత్రమే’ చిన్నక్షరాల్లోకి జారిపోయి, ‘కంపోస్టబుల్’ పెద్దక్షరాల్లో నిలబడితే కొనే ఇల్లాలు కవరును తులసి కోట పక్కన పాతిపెడుతుంది. ఏడాది తర్వాత తవ్వి చూసి ఫోన్ చేస్తుంది. ఆవిడ ఫోన్ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు వెళ్ళవచ్చు, లేదా జిల్లా కలెక్టరుకు ఫిర్యాదు రాయవచ్చు. పక్క ఊరి పోటీ దుకాణదారుకైనా ఆ దారి తెరిచే ఉంటుంది. వదిన వాళ్ళ ఊళ్ళో తడిచెత్త వేరుగా తీసుకెళ్ళి ఆ వేడిలో ఎరువు చేసే కేంద్రం ఏదీ మాకు కనబడలేదు. అటువంటి చోట ఆ కవరు ఎంత ఖరీదైనదైనా ఆ మాట కొనేవాళ్ళకు పనికిరాదు.

“అయితే ఏ మంచి మాటా రాయకూడదా?” అని విసుక్కుంది వదిన. నిజంగా చేసింది ఉంటే రాయవచ్చు. ఆవిడ చేసింది ఒకటుంది, దాన్నే ఆవిడ చెప్పుకోవడం లేదు.

ఏడాది కిందటి దాకా జంతికలు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో అమ్మేది. పావుకిలో డబ్బా మూతతో కలిపి 40 గ్రాములు. కిటికీలూ వెండి పొరలూ లేకుండా ఒకే రకం పాలిథిన్‌తో చేసిన మామూలు కవరు అదే పావుకిలోకు 10 గ్రాములు వస్తుంది. డబ్బాతో పోలిస్తే ముప్పాతిక వంతు తక్కువ. తమాషా ఏమిటంటే ఆ ఖాకీ కాగితం సంచిలో దాక్కున్న ప్లాస్టిక్కూ, ఈ మామూలు ప్లాస్టిక్ కవరుకూ తేడా ఒక్క గ్రామే.

అయితే ‘75% తక్కువ ప్లాస్టిక్’ అని ఊరికే రాస్తే మళ్ళీ మొదటికొస్తాం. దేనితో పోలిస్తే తక్కువ? మార్కెట్లో ఉన్న వాటన్నిటితోనా, పోటీవాళ్ళ దానితోనా, తన పాత దానితోనా? పోల్చిచెప్పే మాటకు సరిచూసుకోగలిగే లెక్క ఉండాలని, ఏ అంశంలో పోలుస్తున్నారో చెప్పాలని మార్గదర్శకాలు అడుగుతాయి. కాబట్టి పోలిక తన పాత డబ్బాతోనే, అదే పావుకిలో సరుకుకు, మూత బరువు కలిపి. మూత కలపకుండా తూస్తే తేడా తగ్గేది. అరకిలో డబ్బాను పావుకిలో కవరుతో పోలిస్తే తేడా కావాలని పెరిగేది. అంకెల్లో అబద్ధం చెప్పకుండానే తప్పుదోవ పట్టించడానికి ఈ రెండు దారులు చాలు.

ఇంకో మెలిక కూడా ఉంది. ఆ పాత డబ్బాను జనం కడిగి పప్పులకో పసుపుకో వాడుకునేవాళ్ళు, చివరికి పాత సామాన్లవాడు కొనుక్కునేవాడు. కొత్త కవరును ఎవరూ దాచుకోరు, తేలిగ్గా కొనరు కూడా. అంటే బరువు తగ్గిందన్నది నిజం, ‘పర్యావరణానికి మేలు’ అన్నది మాత్రం ఆ బరువు ఒక్కదాంతో తేలదు. కాబట్టి బరువు గురించి తెలిసింది బరువు గురించే రాయాలి, దాని మీద పచ్చాకు వేయకూడదు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అందరూ జారేచోటు ఇదే అనిపిస్తుంది. ఒక చిన్న నిజాన్ని పట్టుకుని పెద్ద మాట అనేస్తాం. వెండి పొర తీసేశాక నిలవ కూడా తగ్గింది. 45 రోజులు కరకరలాడే జంతికలు 30 రోజుల తర్వాత మెత్తబడుతున్నాయని వదిన తనే రోజూ ఒకటి కొరికి చూసి తేల్చింది, కవరు మీద గడువు తేదీ కూడా అలాగే మార్చింది. ప్లాస్టిక్ తగ్గించి జంతికలు పారేయించుకుంటే ఎవరికి లాభం?

పెద్దవాళ్ళకూ ఈ ‘ఏ భాగం’ అన్న చిక్కు తప్పలేదు. 2025 మే నెలలో కోకాకోలా కంపెనీ యూరోపియన్ కమిషన్‌కు ఒక మాట ఇచ్చింది. సీసాల మీద ‘నేను 100% రీసైకిల్ ప్లాస్టిక్‌తో చేసిన సీసాను’ అన్న తరహా వాక్యాలు ఉండేవి. మూతకూ, లేబులుకూ అది వర్తించదు. ఇకనుంచి మూత, లేబులు మినహా అని వాక్యంలోనే చెబుతామని ఒప్పుకుంది. మూత ఎంతని, ఒకటి రెండు గ్రాములే కదా అనిపిస్తుంది. ‘100%’ అని రాసినవాడికి మాత్రం ఆ గ్రాములు లెక్కలోకొస్తాయి.

చివరికి కవరు వెనక, వండే దినుసుల జాబితా కింద, అదే సైజు అక్షరాల్లో ఇలా రాశాం: ‘ఈ కవరు ఒకే రకం ప్లాస్టిక్‌తో చేసినది. పావుకిలో జంతికలకు గతంలో మేం వాడిన డబ్బా, మూతతో కలిపి 40 గ్రాములు. ఈ కవరు 10 గ్రాములు. దీన్ని మీ ఊళ్ళో పాత సామాన్లవాళ్ళు తీసుకోకపోవచ్చు. పొడిచెత్తలో వేయండి.’ వివరాలన్నీ వెబ్‌సైటులోనో, క్యూఆర్ గుర్తు వెనకో పెట్టుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి. కానీ ముందువైపు ఒకటి చెప్పి, క్యూఆర్ లోపల దాన్ని తగ్గించి చెప్పడానికి వీల్లేదు. మా రాతలో దాచాల్సింది లేదు కాబట్టి క్యూఆర్ అవసరమే పడలేదు.

వదిన ఒక అట్ట ఫైలు పెట్టింది. అందులో తూకం చీటీలు రెండూ, పాత డబ్బా కొన్న బిల్లు, కవరు తయారీదారు ఇచ్చిన పదార్థ వివరాల కాగితం, ముద్రించిన కవరు ఒకటి తేదీ వేసి ఉన్నాయి. కొత్త లాటు వచ్చినప్పుడల్లా ఒక కవరు తూయించి ఆ ఫైలులో పెడుతుంది. తయారీదారు చెప్పాపెట్టకుండా ఫిల్ము మార్చడం ఈ వ్యాపారంలో మామూలే. పోయిన నెల లాటు 12 గ్రాములు తూగింది. ఆ రెండు వేల కవర్ల మీద ‘10’ అంకె పక్కన ‘12’ అని చిన్న స్టిక్కర్లు అంటించడానికి మా పిల్లలిద్దరూ ఒక ఆదివారమంతా కూర్చున్నారు, కూలీ జంతికల్లో తీసుకున్నారు.

పచ్చాకు పోయిందని ఒక దుకాణదారు మాత్రం అలిగాడు. “పక్కవాళ్ళ ప్యాకెట్ మీద ఆకు ఉందమ్మా, మీ దాని మీద ఒక్క పచ్చచుక్కే ఉంది” అన్నాడట. అది శాకాహారం గుర్తు, చట్టం వేయమన్నది, దానికి రుజువు మూకుట్లోనే ఉందని వదిన చెప్పి వచ్చింది.